రాతలో లేనిది గొంతుకి చెప్పాలి

ఇంట్లో అమ్మ కిరాణా చీటీ రాసి పిల్లవాడి చేతికిస్తుంది. "కం. పప్పు 1/2 కి., ఎం. మిర్చి 100" అని ఉంటుంది అందులో. కొట్టతను ఒక్కసారి చూసి, అరకిలో కందిపప్పు, వంద గ్రాముల ఎండుమిర్చి పొట్లం కడతాడు. అదే చీటీని వంటిల్లంటే తెలియని మనిషికిచ్చి పైకి చదవమనండి. "కం, పప్పు, ఒకటి బై రెండు, కి" అంటాడు. అతను తప్పు చదవలేదు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టే చదివాడు. కందిపప్పు అన్న మాట చీటీలో లేదు, అమ్మ మనసులో ఉంది, కొట్టతని అనుభవంలో ఉంది. ఈ రోజుల్లో ఫోన్లలో, బస్సుల్లో, రైల్వే స్టేషన్లలో మనకు వినిపించే కంప్యూటర్ గొంతు సరిగ్గా ఆ చివరి మనిషి లాంటిది. రాసింది చదువుతుంది. రాసినవాళ్ళ మనసులో ఉన్నది దానికి తెలియదు. ఆ మనసులో మాటని గొంతుకి అందించే పద్ధతి ఒకటుంది. దాని పేరు ఎస్‌ఎస్‌ఎమ్‌ఎల్. స్పీచ్ సింథసిస్ మార్కప్ లాంగ్వేజ్ అన్నమాట. ఎక్కడ ఆగాలి, ఏ మాట నొక్కి పలకాలి, ఏ అంకెని ఎలా చదవాలి అనే సంగతులు రాత మధ్యలోనే గుర్తులుగా పెట్టడం ఆ పద్ధతి. ఈ పావుగంటలో చెప్పదలచుకున్నది ఒకటే. మీకు తెలిసి, రాతలో లేనిదాన్ని మాత్రమే గుర్తు పెట్టండి. రాతని సరిచేస్తే సరిపోయే చోట గుర్తు జోలికి పోవద్దు.

గుర్తులంటే కొత్త సంగతేమీ కాదు. మైకు ముందు వార్తలు చదివేవాళ్ళు కాగితం మీద పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు పెట్టుకుంటారు. ఆగాల్సిన చోట ఒక నిలువు గీత. ఒత్తి పలకాల్సిన మాట కింద ఒక అడ్డ గీత. నోరు తిరగని ఊరి పేరు పక్కన, పలికే తీరు విడదీసి రాసుకుంటారు. ఆ గీతలు శ్రోతకి వినిపించవు. వాటి ఫలితం మాత్రం వినిపిస్తుంది. ఎస్‌ఎస్‌ఎమ్‌ఎల్ ట్యాగులు ఆ పెన్సిల్ గీతలే. వెబ్ ప్రమాణాలు తయారుచేసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2004లో దీని మొదటి ప్రమాణాన్ని ప్రకటించింది. 2010లో 1.1 అనే రెండో రూపం వచ్చింది. ఆ రెండిటి మధ్య మన ఊరికి సంబంధించిన విషయం ఒకటుంది. మొదటి ప్రమాణం ఇంగ్లీషు లాంటి భాషలకి సరిపోయినంతగా మిగతా భాషలకి సరిపోలేదు. అందుకని వివిధ భాషల అవసరాలు తెలుసుకోవడానికి మూడు సదస్సులు పెట్టారు. ఒకటి బీజింగ్‌లో, ఒకటి గ్రీసు దేశపు క్రీట్ దీవిలో, మూడోది 2007 జనవరిలో మన హైదరాబాదులో. అంటే, ఒక్కో భాష రాత ఒక్కో తీరుగా కొన్ని సంగతులు దాచుకుంటుందని ప్రమాణం రాసేవాళ్ళకీ తెలుసు. తెలుగు రాత ఏం దాచుకుంటుందో చూద్దాం.

ఒక సందేశం తీసుకుందాం. కరెంటు బిల్లు గుర్తుచేయడానికి ఫోన్ మోగుతుంది. ఇటు ఎత్తింది ఒక పెద్దాయన. అటునుంచి మాట్లాడేది కంప్యూటర్ గొంతు. దానికి అందిన రాత ఇదీ: "సర్వీసు నం. 40217365, Tadepalli. బిల్లు రూ. 1,250. 12/03న చివరి తేదీ." కళ్ళతో చదివితే ఇందులో లోపమేమీ కనపడదు. ఎస్సెమ్మెస్‌గా పంపితే ఎవరికైనా అర్థమవుతుంది. చెవికి వచ్చేసరికి కథ మారిపోతుంది. "నం" దగ్గర చుక్క ఉంది కాబట్టి, వాక్యం అయిపోయిందనుకుని గొంతు అక్కడ ఆగొచ్చు. తర్వాత ఎనిమిది అంకెల్ని ఒకే సంఖ్యగా తీసుకుని, "నాలుగు కోట్ల రెండు లక్షల పదిహేడు వేల మూడు వందల అరవై ఐదు" అనొచ్చు. పెద్దాయన గుండె గుభేలుమంటుంది, అది బిల్లేమో అని. "రూ" దగ్గర మళ్ళీ ఒక ఆగుడు. పన్నెండు, గీత, సున్నా మూడు అన్నది మార్చి పన్నెండా, డిసెంబరు మూడా? అమెరికా పద్ధతిలో చదివే గొంతైతే డిసెంబరు మూడు అంటుంది. బిల్లు గడువు దాదాపు తొమ్మిది నెలలు జరిగిపోయింది! ఇందులో ఒక్క తప్పూ గొంతు నాణ్యత వల్ల వచ్చింది కాదు. ఎంత తియ్యటి గొంతు పెట్టినా ఇవే తప్పులు తియ్యగా వినిపిస్తాయి.

ముందు అంకెల సంగతి చూద్దాం, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది అక్కడే. దీనికి సే-యాజ్ అనే ట్యాగు ఉంది. అంటే, ఇదిగో ఈ అంకెల్ని ఇలా చదువు అని చెప్పడం. విడివిడి అంకెలుగా చదువు, తేదీగా చదువు, ఫోన్ నంబరుగా చదువు అని దాని లోపల రాస్తాం. వినడానికి సమస్య తీరిపోయినట్టే ఉంది. తీరలేదు. ఆ ట్యాగు ఉండాలని ప్రమాణం చెప్పింది గానీ, దాని లోపల ఏ మాటలు రాస్తే ఏమవ్వాలో ప్రమాణంలో ఖాయం చేయలేదు. 2005లో కొన్ని మాటల్ని సూచిస్తూ విడిగా ఒక పత్రం వచ్చింది, అంతే. కాబట్టి ఒక కంపెనీ గొంతుకి అర్థమైన మాట ఇంకో కంపెనీ గొంతుకి అర్థం కాకపోవచ్చు. ఇంగ్లీషులో పనిచేసింది అదే కంపెనీ తెలుగు గొంతులో పనిచేయకపోవచ్చు. అర్థం కాకపోతే చాలాసార్లు తప్పు చూపించదు. మామూలుగా చదువుకుంటూ పోతుంది. మీరు ట్యాగు పెట్టారు కదా, పని అయిందనుకుంటారు. అవ్వదు. అందుకే అంతకంటే సాదాసీదా ట్యాగు ఒకటి చెబుతాను. దాని పేరు సబ్. బదులు అనే అర్థమున్న ఇంగ్లీషు మాటకి పొట్టి రూపం. రాతలో ఇది ఉంటుంది, నోటితో మాత్రం దీని బదులు అది చెప్పు అని. మన తేదీకి ఇలా రాస్తారు. మీ చేతిలో కాగితం లేదు కాబట్టి చదివి చెబుతాను. ముందు సబ్ అని తెరుస్తాం. అలియాస్ అనే చోట "మార్చి పన్నెండో తేదీన" అని పూర్తిగా అక్షరాల్లో రాస్తాం. తర్వాత అసలు తేదీ అంకెల్లో. ఆపైన సబ్ మూసేస్తాం.

```xml
<sub alias="మార్చి పన్నెండో తేదీన">12/03న</sub>
```

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. అంకెల తర్వాత ఉన్న "న" అనే అక్షరాన్ని కూడా ట్యాగు లోపలే పెట్టాం. తెలుగు తెలిసినవాళ్ళు తప్ప ఇంకెవరూ పట్టుకోలేని చోటు అది. ఇంగ్లీషులో అంకె ఒంటరిగా నిలబడుతుంది. తెలుగులో అంకె వెనకాల ఒక తోక అంటుకుంటుంది. పన్నెండున, పదికి, ఐదో, రెండిట్లో. మనం రాసేటప్పుడు అంకె వేసి తోక తగిలిస్తాం. పలికేటప్పుడు ఆ రెండూ కలిసిపోయి ఒక్కోసారి అంకె రూపమే మారిపోతుంది. ఒకటి అనే అంకె వేసి, పక్కన "వ తరగతి" అని రాస్తాం. నోటితో "ఒకటో తరగతి" అంటాం. ఒకటి వేసి "నెల" అని రాస్తాం. నోటితో "ఒక నెల" అంటాం గానీ "ఒకటి నెల" అనం. మూడు వేసి "పిల్లలు" అని రాస్తాం. పలికేది "ముగ్గురు పిల్లలు". మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు తెలుగు అంకెల మాటలే వేరు. ఇప్పుడు అంకె చుట్టూ మాత్రమే ట్యాగు పెట్టి తోకని బయట వదిలేశారనుకోండి. గొంతు "ఒకటి" అని ఆగి, విడిగా "వ" అంటుంది. తోక తెగిన అంకె చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో మీరే పలికి చూడండి. కాబట్టి అంకెనీ, దాని తోకనీ, వీలైతే పక్కనున్న నామవాచకాన్నీ కలిపి ట్యాగు లోపల పెట్టాలి. రూపాయలదీ అదే తీరు. రాతలో "రూ." ముందుంటుంది, మాటలో రూపాయలు చివర వస్తుంది. కాబట్టి "రూ." ఒక్కదానికే బదులు రాస్తే "రూపాయలు వెయ్యి రెండు వందల యాభై" అని తలకిందులుగా వినిపిస్తుంది. మొత్తాన్నీ కలిపి "వెయ్యి రెండు వందల యాభై రూపాయలు" అని బదులు రాయాలి.

ఒక ప్రశ్న మీ నోటిదాకా వచ్చే ఉంటుంది. ఇంత కష్టం ఎందుకు, మొదటే అక్షరాల్లో రాసేస్తే పోదా? పోతుంది. ఆ సందేశం వినడానికే తప్ప చూడటానికి కాకపోతే, అక్షరాల్లోనే రాసేయండి. ట్యాగు అక్కర్లేదు. నేను మొదట చెప్పిన మాటే అది, రాతని సరిచేస్తే సరిపోయే చోట గుర్తు వద్దని. కానీ ఒకే రాత తెరమీద కనపడాలి, గొంతులోనూ వినపడాలి అంటే దారి మారుతుంది. చూపు లేనివాళ్ళకి చదివి వినిపించే పాఠం తీసుకోండి. పక్కన కూర్చున్న చూపున్న విద్యార్థికి అంకెలు అంకెలుగానే కనపడాలి. అలాంటి చోట రాత ఒకటి, పలుకు ఒకటి. ఆ రెండిటినీ ఒకే తాడుకి కట్టేది సబ్ ట్యాగే.

ఇక ఆగడం సంగతి. "నిన్న వచ్చిన బిల్లు కట్టారు." ఈ వాక్యం రెండు రకాలుగా వినండి. "నిన్న... వచ్చిన బిల్లు కట్టారు." కట్టింది నిన్న. "నిన్న వచ్చిన బిల్లు... కట్టారు." వచ్చింది నిన్న, కట్టింది ఎప్పుడో తెలియదు. అక్షరం మారలేదు, ఆగిన చోటు మారింది. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. విశేషణంగా వాడే క్రియ మధ్యలో వస్తుంది. ముందున్న "నిన్న" ఏ క్రియకి చెందుతుందో రాత చెప్పదు, ఆగడమే చెబుతుంది. "సోమవారం లోపు నోటీసు వచ్చిన వాళ్ళు బిల్లు కట్టాలి" అన్న ప్రకటనని తీసుకోండి. సోమవారం లోపు దగ్గర ఆగితే, కట్టడానికి గడువు సోమవారం. వాళ్ళు దగ్గర ఆగితే, నోటీసు వచ్చిన రోజు సోమవారం లోపు, కట్టడానికి గడువే లేదు! ఇక్కడ గొంతు ఊహించడానికి ఏ ఆధారమూ లేదు. ప్రకటన రాసినవాళ్ళకే తెలుసు. ఇది గుర్తు పెట్టాల్సిన చోటు. ఆగమని చెప్పే ట్యాగు పేరు బ్రేక్. ఎంతసేపో రెండు రకాలుగా చెప్పొచ్చు. మూడు వందల మిల్లీసెకన్లు, ఒక సెకను అని కాలం చెప్పడం ఒక రకం. కొంచెం, మధ్యస్థంగా, గట్టిగా అని తీవ్రత చెప్పడం ఇంకో రకం. నా ఉద్దేశంలో వాక్యం మధ్యలో తీవ్రత చెప్పడమే మేలు. ఎందుకంటే ఆ గొంతు తన వేగానికి తగ్గట్టు ఆగుడు సరిచూసుకునే వీలుంటుంది. మిల్లీసెకన్లలో చెబితే గొంతు గబగబా చదివినా, నింపాదిగా చదివినా, ఆగుడు అంతే ఉంటుంది. నడక మారినా అడుగు మారని మనిషిలా ఉంటుంది అది.

అయితే ఆగడమంటే ఉట్టి నిశ్శబ్దం కాదు. ఇది కొంచెం నిదానంగా వినండి. మనిషి ఒక చోట ఆగబోతున్నాడంటే, ఆగకముందే గొంతు ఆ సంగతి చెబుతుంది. చివరి మాటలో చివరి అక్షరం కాస్త సాగుతుంది. స్వరం కిందికి దిగుతుంది, లేదా ఇంకా మాట మిగిలుందని కాస్త పైకి లేస్తుంది. ఆ తర్వాతే నిశ్శబ్దం వస్తుంది. బ్రేక్ ట్యాగు చాలా గొంతుల్లో ఆ చివరి నిశ్శబ్దాన్ని మాత్రమే చొప్పిస్తుంది. అప్పుడు మాట దిగకుండానే తెగుతుంది. ఫోన్ సిగ్నల్ పోయి మళ్ళీ వచ్చినట్టు వినిపిస్తుంది. అలా వినిపిస్తే ట్యాగు తప్పు చోట పెట్టారని కాదు, తప్పు పనిముట్టు వాడారని అర్థం. అక్కడ కావలసింది ఒక కామా, లేదా పూర్తి చుక్క. విరామ చిహ్నం చూసినప్పుడు గొంతు చివరి అక్షరాన్ని సాగదీయడం, స్వరం దించడం కూడా చేస్తుంది, మనుషులు చదివిన వేల వాక్యాల నుంచి నేర్చుకుంది కాబట్టి. అందుకే ముందు చుక్క, కామా సరిచూడండి. చాలకపోతే పొడుగు వాక్యాన్ని రెండు చేయండి. అదీ చాలకపోతే బ్రేక్ పెట్టండి. బ్రేక్ నిజంగా అవసరమయ్యేది అవతలి మనిషికి ఏదైనా చేయడానికి సమయం కావలసినప్పుడు. నంబరు చెప్పబోతున్నాం, కాగితం కలం తీసుకోవాలి, అప్పుడు ఒక సెకను, సెకనున్నర ఆగాలి. అంకెల గుంపుల మధ్య మూడు నాలుగు వందల మిల్లీసెకన్లు చాలు. ఫోన్‌లో రెండు మూడు సెకన్లు దాటితే మాత్రం, లైను పోయిందనుకుని పెట్టేస్తారు.

ఇప్పుడు ఉచ్చారణకి వద్దాం. తెలుగువాళ్ళం సగర్వంగా చెప్పుకునే మాట ఒకటుంది, రాసినట్టే చదువుతాం, చదివినట్టే రాస్తాం అని. అలాంటప్పుడు మనకి ఉచ్చారణ ట్యాగుతో పనేముంది? ఈ అభ్యంతరంలో నిజం చాలా ఉంది. ఇంగ్లీషుకి కావలసినంతగా మనకి ఉచ్చారణ గుర్తులు అక్కర్లేదు. కానీ పూర్తిగా నిజం కాదు. "చాలు" అనండి. ఇప్పుడు "చార్జీ" అనండి. రెండిటికీ మొదటి అక్షరం చా. నాలుక తగిలే చోటు వేరు. చాలులో నాలుక కొస పళ్ళ దగ్గర తగులుతుంది, చార్జీలో కాస్త వెనక్కి తగులుతుంది. పాతకాలపు పుస్తకాల్లో ఈ తేడా చూపడానికి చకారం మీద, జకారం మీద ప్రత్యేకంగా గుర్తు వేసేవాళ్ళు. ఇప్పుడు వేయడం లేదు. అలాగే "ఫలితం", "ఫోను". ఒకే అక్షరం. ఒకటి ఒత్తు పకారం, ఇంకొకటి పెదవికి పళ్ళు ఆన్చి పలికే ఇంగ్లీషు శబ్దం. ఇలాంటి చోట గొంతు తప్పితే, ఫొనీమ్ అనే ట్యాగు ఉంది. అందులో అంతర్జాతీయ ధ్వని లిపిలో ఆ మాట పలుకు రాయొచ్చు. నేర్చుకోవడం మంచిదే. కానీ ఆ లిపిలో ఒక్క గుర్తు తప్పినా మాట వికృతమవుతుంది, పైగా ఏ గొంతు ఏయే ధ్వని గుర్తుల్ని ఒప్పుకుంటుందో గొంతుగొంతుకీ మారుతుంది. కాబట్టి దాన్ని ఆఖరి మార్గంగా దాచుకోండి.

మన దగ్గర ఉచ్చారణ ఎక్కువగా చెడేది తెలుగు అక్షరాల వల్ల కాదు, ఇంగ్లీషు అక్షరాల వల్ల. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు కంప్యూటర్ రికార్డుల్లో చాలావరకు ఇంగ్లీషు లిపిలోనే ఉంటాయి. మన సందేశంలో ఉన్న తాడేపల్లి చూడండి. ఇంగ్లీషులో రాస్తే మొదటి అక్షరం త అయినా ట అయినా ఒకటే. రెండోది ద అయినా డ అయినా ఒకటే. దీర్ఘమో హ్రస్వమో తెలియదు. "టడెపల్లి", "తదేపల్లి", ఏదైనా రావచ్చు. తమ ఊరి పేరు అలా వింటే, ఇది మనకొచ్చిన ఫోన్ కాదేమోనని పెట్టేసేవాళ్ళుంటారు. దీనికి ధ్వని లిపి అక్కర్లేదు. సబ్ ట్యాగులో ఇంగ్లీషు పేరుకి బదులుగా తెలుగు లిపిలో తాడేపల్లి అని రాస్తే చాలు. సరైన తెలుగు వర్ణక్రమాన్ని మించిన ఉచ్చారణ గుర్తు తెలుగుకి లేదని నా నమ్మకం. పేర్లు వందల్లో ఉంటే ప్రతిచోటా రాయనక్కర్లేదు. పేర్లనీ పలుకుల్నీ ఒక నిఘంటువు ఫైలుగా పెట్టుకుని, లెక్సికన్ అనే ట్యాగుతో దాన్ని చూపించొచ్చు. ఆ ఫైలు ఎలా ఉండాలో 2008లోనే ఒక ప్రమాణం వచ్చింది. మీరు వాడే గొంతు దాన్ని ఒప్పుకోకపోతే, అదే పట్టిక ముందు పెట్టుకుని పేర్లని ముందే తెలుగులోకి మార్చి పంపండి.

నొక్కి పలకడం గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే తెలుగులో దాని అవసరం తక్కువ. ఎంఫసిస్ అనే ట్యాగు ఉంది. గట్టిగా, మధ్యస్థంగా, తగ్గించి అని స్థాయిలున్నాయి. ఇంగ్లీషులో ఏ మాట నొక్కాలో గొంతే చెప్పాలి, వాక్యంలో మాటల క్రమం అంత తేలిగ్గా మారదు కాబట్టి. తెలుగులో ఆ పని మాటే చేస్తుంది. సోమవారమే కట్టాలి. మీరే రావాలి. ఒక్క ఏకారం చాలు. లేదా మాట చోటు మార్చి క్రియ పక్కకి తెస్తాం. "సోమవారం ఆఫీసుకి మీరు రావాలి" అంటే రావలసింది మీరు, "మీరు ఆఫీసుకి సోమవారం రావాలి" అంటే రావలసింది సోమవారం. మాట చోటు మారిస్తే ఏ గొంతైనా సరిగ్గానే చదువుతుంది. ట్యాగుని నమ్ముకుంటే మాత్రం దెబ్బతినొచ్చు. అమెజాన్ పాలీ లాంటి పేరున్న సేవలో కూడా న్యూరల్ గొంతులకి ఎంఫసిస్ ట్యాగు పనిచేయదని వాళ్ళ పత్రాలే చెబుతాయి. తప్పనిసరిగా ఒక మాట నిలబడాలంటే, దాని ముందు చిన్న ఆగుడు పెట్టి, ప్రాసడీ అనే ట్యాగుతో ఆ మాట వేగం కొంచెం తగ్గించండి. మనిషి కూడా ముఖ్యమైన మాట దగ్గర నెమ్మదిస్తాడు. అరవడం కంటే అదే బాగా వినిపిస్తుంది.

ఇంకో అభ్యంతరం ఉంది. ఇవాళ్టి న్యూరల్ గొంతులు మనిషిలాగే చదువుతున్నాయి, ఆగుడూ విరుపూ అవే నేర్చుకున్నాయి, రేపు ఈ ట్యాగులు ఎవరికి కావాలి అంటారు. కొంతవరకు ఒప్పుకోవాలి. పదేళ్ళ కిందటి గొంతుకి పెట్టినన్ని గుర్తులు ఇప్పుడు అక్కర్లేదు. అనవసరంగా పెడితే సహజంగా వచ్చే పలుకు కూడా పాడవుతుంది. అందుకే మొదటి నుంచీ తక్కువ పెట్టమంటున్నాను. కానీ ఎంత తెలివైన గొంతైనా తనకందిన రాత ఆధారంగానే చదువుతుంది. ఆ ఎనిమిది అంకెలు సర్వీసు నంబరని బిల్లు పంపినవాళ్ళకి తెలుసు. సోమవారం అన్న మాట గడువుకి చెందిందా, నోటీసుకి చెందిందా అన్నది ప్రకటన రాసినవాళ్ళకి తెలుసు. రాతలో లేని సంగతిని గొంతు కనిపెట్టలేదు, ఊహిస్తుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా ఊహించిందనుకుందాం. పదోసారి పొరపాటు ఒక పెద్దాయన బిల్లు దగ్గరో, ఒక మందు మోతాదు దగ్గరో జరుగుతుంది. అలాంటి చోట ఊహకి వదలకూడదు.

పని చేసేటప్పుడు ఎదురయ్యే చిక్కులు రెండు చెప్పి, మన సందేశం పూర్తిచేద్దాం. మొదటిది, గొంతు ట్యాగునే పైకి చదివేయడం. "బ్రేక్ టైమ్ ఈక్వల్స్" అని వినిపిస్తే, మీరు పంపినదాన్ని అది ఉట్టి రాతగా తీసుకుందని అర్థం. ఎస్‌ఎస్‌ఎమ్‌ఎల్‌గా తీసుకోమని చెప్పే అమరిక విడిగా ఉంటుంది, అది మార్చాలి. రెండోది, అసలు గొంతే రాకపోవడం. తెరిచిన ట్యాగు మూయకపోతే, లేదా రాతలో అండ్ అనే గుర్తు ఉన్నదున్నట్టు పెడితే సందేశం మొత్తం తిరస్కరిస్తుంది. దుకాణాల పేర్లలో ఆ గుర్తు తరచూ ఉంటుంది. ఇంకో దొంగ ఉన్నాడు. వర్డ్‌లోనో చాట్‌లోనో రాసి తెచ్చి అతికిస్తే, కొటేషన్ గుర్తులు వంకర తిరిగి వస్తాయి. కంటికి అందంగా ఉంటాయి. ట్యాగు లోపల పనిచేయవు. నిటారు గుర్తులే ఉండాలి. ఇప్పుడు మన సందేశం ఇలా ఉంటుంది. మొదట ఇది తెలుగు అని చెబుతాం. సర్వీసు నంబరు అన్న మాట పూర్తిగా రాస్తాం. కాగితం తీసుకోవడానికి ఒక సెకను ఆగుతాం. ఆపైన నంబరుని నాలుగు నాలుగు అంకెల గుంపులుగా, అక్షరాల్లో, కొంచెం నెమ్మదిగా.

```xml
<speak version="1.1" xmlns="http://www.w3.org/2001/10/synthesis" xml:lang="te-IN">
<s>మీ సర్వీసు నంబరు చెబుతున్నాం, రాసుకోండి.</s>
<break time="1s"/>
<prosody rate="85%">నాలుగు, సున్నా, రెండు, ఒకటి.
<break time="400ms"/>
ఏడు, మూడు, ఆరు, ఐదు.</prosody>
<s>బిల్లు <sub alias="వెయ్యి రెండు వందల యాభై రూపాయలు">రూ. 1,250</sub>.</s>
<s>మార్చి పన్నెండో తేదీ లోపే కట్టాలి.</s>
</speak>
```

ఇందులో ట్యాగులు ఎంత తక్కువున్నాయో చూడండి. ఎక్కువ పని రాతే చేసింది. "లోపే" అన్న మాటలో ఏకారం ఉంది కాబట్టి ఎంఫసిస్ పెట్టలేదు. అంకెల మధ్య కామాలున్నాయి కాబట్టి ప్రతి అంకెకీ బ్రేక్ పెట్టలేదు. ఊరి పేరు తీసేశాం, నంబరు చెప్పాక దాని అవసరం లేదు కాబట్టి. ఇక పరీక్షించడం. కంప్యూటర్ ముందు మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, రాత చూస్తూ వినకండి. రాత కళ్ళముందుంటే చెవి తప్పుని క్షమించేస్తుంది. పాత తరహా ఫోన్ లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే శబ్దాన్ని మోస్తుంది. స, ఫ లాంటి అక్షరాల పదును చాలావరకు ఆ హద్దుకి పైనే ఉంటుంది కాబట్టి అవి మొద్దుబారతాయి. అందుకని మామూలు ఫోన్‌కి ఆ సందేశం పంపించండి. రాత చూడని మనిషిని, వీలైతే వయసు మళ్ళినవాళ్ళని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నంబరూ, డబ్బూ, తేదీ కాగితం మీద రాయమనండి. ఏ అంకె దగ్గర కలం ఆగిందో, ఏ మాట దగ్గర "ఏమన్నాడూ?" అని తలెత్తి చూశారో గమనించండి. తర్వాతి గుర్తు పెట్టాల్సింది అక్కడ.